పురాణాలు, శైవ వైష్ణవ ఆరాధన: అలంపురం సాక్ష్యం

క్రీ.శ. మొదటి సహస్రాబ్దిలో శివుణ్ణి గానీ విష్ణువును గానీ పరదైవంగా కొలిచే భక్తి బలపడడానికి పురాణాలు ఆసరా అయ్యాయి. తెలుగు నేల మీద ఇది స్పష్టంగా కనిపించే చోట్లలో తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం ఒకటి.

యజ్ఞం చేయాలంటే ఋత్విక్కులు కావాలి, ధనం కావాలి. స్త్రీలకూ శూద్రులకూ వేదాధ్యయనం లేదు. పురాణానికి ఈ అడ్డంకులు లేవు. కథ విన్నా, నోము నోచినా, తీర్థంలో మునిగినా పుణ్యమేనని అది చెప్పింది. తన దేవుణ్ణి పైన నిలపడానికి రెండో దేవుణ్ణి కాదనలేదు, అతణ్ణి భక్తుడిగా మార్చింది. విష్ణుపురాణానికి సృష్టి స్థితి లయలన్నీ విష్ణువే. లింగపురాణానికి శివుడే మూలం.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణ లింగోద్భవ కథ. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్పని వాదులాడుకుంటుంటే వారి మధ్య అగ్నిస్తంభం లేచింది. బ్రహ్మ హంసగా పైకెగిరాడు, విష్ణువు వరాహమై నేలను తవ్వుకుంటూ కిందికి వెళ్లాడు. తుదీ మొదలూ ఇద్దరికీ దొరకలేదు. స్తంభంలోంచి శివుడు వెలువడ్డాడు.

బాదామి చాళుక్యుల కాలంలో, 7వ శతాబ్దం చివర కట్టిన స్వర్గబ్రహ్మ ఆలయం గోడ మీద ఈ కథ శిల్పంగా ఉంది. చదువు రానివాళ్లూ ప్రదక్షిణ చేస్తూ దీన్ని చూడగలరు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మవే అయినా, కొలువై ఉన్నది శివలింగాలే. బ్రహ్మ ఇక్కడ శివుని కోసం తపస్సు చేశాడన్న స్థలపురాణం ఆ పేర్లకు కారణం చెబుతుంది.

లింగోద్భవ కథలో విష్ణువు దాల్చిన వరాహమే చాళుక్యుల రాజముద్ర కూడా. రెండో పులకేశి పరమభాగవతుడు. అతని కొడుకు మొదటి విక్రమాదిత్యుడు మాత్రం సుదర్శనాచార్యుని వద్ద శైవదీక్ష పొందాడని 660 నాటి ఆముదాలపాడు రాగిరేకులు చెబుతున్నాయి. ఇక్కడే పురాణాల హద్దు తెలుస్తుంది. దీక్షావిధి ఆగమాలది, ఆచార్యుడి ద్వారా కొందరికే అందేది. ఊరందరికీ దేవుడి మహిమ చెప్పే పని పురాణాలది. రాజు శైవుడైనా వంశం వరాహముద్రను వదులుకోలేదు. స్వర్గబ్రహ్మ ఆలయంలోనే త్రివిక్రముడూ ఉన్నాడు. అంటే అప్పటి శైవం విష్ణువును గుడిలోకి రానిచ్చింది, గర్భగుడిని మాత్రం శివుడికే ఉంచింది.

స్థలపురాణాలు క్షేత్రాలను ఒకదానితో ఒకటి కలిపాయి కూడా. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలన్న సంప్రదాయం ఏర్పడి, మల్లికార్జునుడి దగ్గరికి వెళ్లే యాత్రికుల దారిలో ఈ నాలుగు ఊళ్లకూ చోటు దక్కింది.