‘పురుషుడు’ అంటే ఎవరు? ‘వ్యక్తి’ అంటే ఎవరు?

మేము నలుగురు వైద్యులం కలిసి ఇంగ్లండులో నడుపుకొంటున్న చిన్న కంపెనీ ఒకటి ఉన్నది. నిరుడు దాని డైరెక్టర్ల సమావేశాలకు అధ్యక్షత వహించే బాధ్యతను మాలో ఒకరైన తెలుగు వైద్యురాలికి అప్పగించాము. మొదటి సమావేశపు మినిట్స్‌లో ఆమె పేరు ప్రక్కన ‘చైర్మన్’ అని పడింది. పత్రాలన్నింటిలో ఆ మాటను మారుద్దామని ఆమె ప్రతిపాదించినప్పుడు అడ్డు చెప్పినవాణ్ణి నేనే. “పుంలింగ పదం స్త్రీలకు కూడా వర్తిస్తుందని చట్టంలో ఎప్పటినుంచో ఉన్నది కదండీ, మళ్ళీ ఈ శ్రమ దేనికి?” అన్నాను. ఆమె వాదించలేదు. “ఆ నియమం ఎవరికి ఎప్పుడు పనికివచ్చిందో చదివి చెప్పండి” అని ఒక పుస్తకం చేతికిచ్చారు. అది ఆల్బీ సాక్స్, జోన్ హాఫ్ విల్సన్ కలిసి వ్రాసి 1978లో ప్రచురించిన ‘సెక్సిజమ్ అండ్ ది లా’.

నేను ఆశ్రయించిన నియమం 1850 నాటిది. చట్టాలలో పుంలింగ పదాలు స్త్రీలను కూడా కలుపుకొంటాయని, అందుకు విరుద్ధంగా స్పష్టంగా చెప్పినచోట మాత్రం కాదని ఆ ఏడాది బ్రిటిష్ పార్లమెంటు శాసించింది. చట్టాల పొడవు తగ్గించడమే దాని ఉద్దేశం. పదిహేడేళ్ళ తరువాత, 1867లో, ఓటుహక్కును విస్తరించే సంస్కరణ చట్టం సభ ముందుకు వచ్చింది. అందులో ‘మాన్’ అని ఉన్నచోట ‘పర్సన్’ అని మార్చాలని జాన్ స్టూవర్ట్ మిల్ సవరణ ప్రతిపాదించాడు. అనుకూలంగా 73, వ్యతిరేకంగా 196 ఓట్లు వచ్చి సవరణ వీగిపోయింది. పాత మాటే చట్టమైంది.

అప్పుడు మాంచెస్టరులో ఐదువేలకు పైగా స్త్రీలు 1850 నియమాన్నే ఆధారం చేసుకొని ఓటర్ల జాబితాలో చోటు కోరారు. పుంలింగం స్త్రీలను కలుపుకొంటుంది గనుక తమకూ ఓటు ఉన్నదన్నారు. 1868లో న్యాయస్థానం వారి వాదాన్ని త్రోసిపుచ్చింది. ఓటు విషయంలో స్త్రీలకు మునుపటినుంచీ అనర్హత ఉన్నదని, ఒక వ్యాఖ్యాన సూత్రం ఆ అనర్హతను తొలగించజాలదని తీర్పు. పన్నులు, శిక్షలు విధించే చట్టాలలోని అదే పుంలింగం మాత్రం స్త్రీలకు నిరభ్యంతరంగా వర్తిస్తూనే ఉన్నది. మాట ఒక్కటే, భారం మోయవలసి వచ్చినప్పుడు అందులో స్త్రీ ఉంటుంది, హక్కు అడిగినప్పుడు ఉండదు.

అయితే మిల్ కోరిన ‘పర్సన్’ అనే మాటే ఉండి ఉంటే సరిపోయేదా? వైద్యుడిగా నాకు ఆసక్తి కలిగించిన భాగం ఇదే. 1815 నాటి అపోథెకరీల చట్టం పరీక్షార్థులను ‘పర్సన్స్’ అనే మాటతోనే ప్రస్తావించింది. ఆ మాటను పట్టుకొని ఎలిజబెత్ గారెట్ 1865లో లండన్ అపోథెకరీల సంఘం నుంచి వైద్యవృత్తికి అనుమతి సంపాదించింది. ఆ వెంటనే ఆ సంఘం, ప్రైవేటుగా చదువుకొన్నవారికి పరీక్ష లేదని నిబంధన మార్చింది. వైద్య పాఠశాలలు స్త్రీలను చేర్చుకోవు గనుక తలుపు మళ్ళీ మూసుకొన్నది. ఇక 1908లో ఎడింబరో విశ్వవిద్యాలయ పట్టభద్రురాళ్ళు విశ్వవిద్యాలయ నియోజకవర్గపు ఓటు కోరారు. అక్కడి చట్టంలో ఉన్న మాట ‘పర్సన్’. వారిలో క్రిస్టల్ మాక్మిలన్ లార్డ్స్ సభ ముందు స్వయంగా వాదించింది. ఈ సందర్భంలో ‘పర్సన్’ అంటే పురుషుడేనని సభ తీర్పు చెప్పింది.

ఈ వరుస 1929 అక్టోబరు 18న మలుపు తిరిగింది. కెనడా సెనేటుకు అర్హులైన ‘పర్సన్స్’లో స్త్రీలు లేరని 1928లో ఆ దేశపు సుప్రీంకోర్టు అన్నది. ఆల్బర్టా రాష్ట్రపు ఐదుగురు స్త్రీలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిలుకు వెళ్ళారు. లార్డ్ సాంకీ తీర్పు ప్రశ్ననే తిరగవేసింది: ఆ మాటలో స్త్రీలు ఎందుకు ఉండాలని కాక, ఎందుకు ఉండరాదో చెప్పవలసిన భారం కాదనేవారిదే.

పుస్తకం ముగించి మా కంపెనీ పత్రాలు మళ్ళీ తెరిచాను. ఒక మాట ఒప్పుకోవాలి. నేడు మా సహచరురాలి పదవికి ‘చైర్మన్’ అనే మాట వల్ల ప్రమాదమేమీ లేదు. ఒప్పందాలలోని పుంలింగం స్త్రీలకు, స్త్రీలింగం పురుషులకు వర్తిస్తుందని 1925 నాటి ఆస్తి చట్టం చెబుతున్నది. కాని మాట ఒకటి వ్రాసి, దాని అర్థం వేరే చోట వెదుక్కోమనడం ఎంత బలహీనమైన ఏర్పాటో ఆ అరవై ఏళ్ళ చరిత్ర చూపింది. వ్రాసేటప్పుడే సరిగా వ్రాయగలిగినదాన్ని వ్యాఖ్యానానికి వదలడం దేనికి?

మా నియమావళి 2008లో ప్రభుత్వం ప్రకటించిన నమూనా. అందులో పన్నెండవ అధికరణ శీర్షికలో ‘చైరింగ్’ అని తటస్థంగానే ఉంటుంది. రెండవ వాక్యానికి వచ్చేసరికి ఆ బాధ్యుల పేరు ‘చైర్మన్’ అవుతుంది. శాసనాలను ఇకపై లింగతటస్థంగా వ్రాస్తామని ప్రభుత్వం 2007 మార్చి 8న ప్రకటించిన తరువాత కూడా ఈ మాట మిగిలింది. పెద్ద కంపెనీల పరిపాలనా నియమావళి మాత్రం 2018 కూర్పులో ‘చైర్’ అనే మాటకు మారింది. మేమూ దాన్నే ఎంచుకొన్నాము. ‘చైర్‌పర్సన్’ను స్త్రీ ఉన్నప్పుడు మాత్రమే వాడి, పురుషుడు రాగానే ‘చైర్మన్’కు మరలిపోవడం చాలాచోట్ల చూశాను, అప్పుడది ‘చైర్‌వుమన్’కు మర్యాదపేరు మాత్రమే.

చిక్కు వచ్చింది వాటాదారుల ఒప్పందంలో. ప్రయోజన వైరుధ్యం ఉన్న డైరెక్టరు విషయంలో ‘అతడు ఓటు వేయరాదు’ అని ఉన్నది. కంప్యూటరులో ‘హీ’ అన్నచోటల్లా ‘దే’ అని మార్చి చూశాను. వైరుధ్యం ఒక్క డైరెక్టరుకు ఉంటే, ఓటు వేయరానివారు ఆ ఒక్కరా, అందరు డైరెక్టర్లా అన్న సందేహం పుట్టింది. పరిష్కారం ప్రభుత్వ నమూనాలోనే దొరికింది: దాని పద్నాలుగవ అధికరణ సర్వనామాన్నే వదిలి ‘ఆ డైరెక్టరు’ అంటుంది. మేమూ అలాగే నామవాచకాన్నే మళ్ళీ వ్రాశాము. మా ఉద్దేశ ప్రకటనలోని ‘మాన్‌కైండ్’ను ‘హ్యుమానిటీ’ చేయలేదు. మేము సేవ చేసేది మా ఊరి రోగులకు గనుక ‘రోగులు’ అనే వ్రాశాము.

బ్యాంకు అధికార పత్రంలో, పాత తీర్మానాలలో ‘చైర్మన్’ అనే ఉన్నది. అందుకని, పూర్వపు పత్రాలలోని ‘చైర్మన్’ను ‘చైర్’గా చదువుకోవాలని నియమావళిలో ఒక వాక్యం చేర్చాము. అది లేకుంటే సమాన ఓట్లు పడినప్పుడు నిర్ణాయక ఓటు వేసే హక్కు ఎవరిదన్న వివాదానికి తావుండేది. నియమావళి సవరణకు 75 శాతానికి తగ్గని మెజారిటీతో ప్రత్యేక తీర్మానం కావాలి. సమాన వాటాలున్న నలుగురిలో ముగ్గురు చాలు. ఆ నాలుగవ ఓటు కూడా పడింది, అది నాదే. సవరించిన ప్రతిని పదిహేను రోజుల గడువులోగా కంపెనీల రిజిస్ట్రారుకు పంపాము.

తెలుగులో ఈ పని కొంత సులభం. ‘అధ్యక్షుడు’, ‘అధ్యక్షురాలు’ అని విడదీసే మన భాషే ‘అధ్యక్షులు’ అనే గౌరవ బహువచనంలో ఇద్దరినీ కలుపుతుంది. ‘మనిషి’ మొదటినుంచీ ఇద్దరికీ చెందిన మాటే. కాని మన సంఘాల ఆహ్వాన పత్రికలలో ఆ ‘అధ్యక్షులు’ క్రింద అచ్చయ్యే పేర్లు ఎవరివో గమనించినప్పుడు 1815 నాటి అపోథెకరీల చట్టం గుర్తుకు వస్తుంది. మాట అందరికీ తెరిచే ఉన్నది. నిబంధన ఎక్కడ మారిందో వెదకాలి.