కృష్ణా డెల్టాలో స్మృతి పత్రిక: పద్యం, జీవిత సంగ్రహం

స్మృతి పత్రిక అంటే పోయినవారి ఫొటో, జనన మరణ తేదీలు, ఒక పద్యమో శ్లోకమో, నాలుగైదు వాక్యాల జీవిత సంగ్రహం ఉన్న అచ్చు కార్డు. విజయవాడ, బందరు, గుడివాడ ప్రాంతాల్లో దీన్ని పెద్దకర్మ నాడు భోజనాల దగ్గరో, సంస్మరణ సభలోనో పంచుతారు. కొన్ని కుటుంబాలు కర్మకు పిలిచే ఆహ్వానంలోనే పద్యాన్నీ జీవిత సంగ్రహాన్నీ కలిపేస్తాయి. ఇంట్లో దాచుకునే కాగితంగా దీనికి ఈ ప్రాంతంలో పెద్ద వయసు లేదు. చావు కబురు మోసిన కాగితాన్ని ఇంట్లో ఉంచుకోకూడదన్నది పాత ఆచారం. పెళ్లి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తే, చావు కబురు చెప్పే కార్డుకు ఒక మూల చింపేవారు, లేదా నల్ల సిరా పూసేవారు. అడుగున ‘చదివి చించివేయవలెను’ అని రాసేవారు. చించాల్సిన కాగితం మీద పద్యానికి చోటెక్కడిది?

పద్యం మాత్రం కాగితం కంటే చాలా ముందు నుంచే ఉంది. ఒక మనిషి జీవితాన్ని చివరి ఘడియలో క్లుప్తంగా చెప్పిన తెలుగు పద్యాల్లో అందరికీ తెలిసినవి శ్రీనాథుడి పేరిట వినిపించే చాటువులే. వాటి చోటు కూడా కృష్ణా తీరమే. పోషించిన రాజులు పోయాక ఆ మహాకవి బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడని, పంట కొంత కృష్ణ వరద పాలై కొంత పిట్టల పాలైందని, ఏడు నూర్ల టంకాల శిస్తు కట్టలేక ఎండలో శిక్ష అనుభవించాడని ఒక సీసం చెబుతుంది. మరో సీసంలో కవి తనను ఆదరించిన ప్రభువుల పేర్లు ఒక్కొక్కటే తలచుకుని, వారంతా వెళ్లిపోయారని చెప్పి, చివరి గీతంలో తన పేరు తానే చెప్పుకుని సెలవు తీసుకుంటాడు. ఇవి నిజంగా శ్రీనాథుడివేనా అన్న చర్చ పండితులకు వదిలేద్దాం. వాటి కూర్పు చూడండి. ‘మహానుభావుడు’, ‘పుణ్యాత్ముడు’ అన్న మాటలు లేవు. ఊరి పేరుంది, పోయిన పంట పేరుంది, బాకీ ఎంతో ఉంది. ఆ వివరాల వల్లే ఆ పద్యాలు వందల ఏళ్లు జనం నోట నిలిచాయి. కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లికి చెందిన వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్య మణిమంజరి’లో ఇలాంటివి ఎన్నో సేకరించి అచ్చుకెక్కించారు.

రాతి మీద జీవిత సంగ్రహం చెక్కే పద్ధతి ఈ డెల్టాకు సముద్రం మీదుగా వచ్చింది. పదిహేడో శతాబ్దం మొదట్లో బందరుకు వచ్చిన డచ్చి వర్తకుల సమాధులు ఇప్పటికీ బందరు కోట దగ్గర ఉన్నాయి. పేరు, హోదా, పుట్టిందెప్పుడు, పోయిందెప్పుడు అన్న వరుసలో రాళ్ల మీద అక్షరాలు చెక్కారు. అదే శతాబ్దంలో వారి దేశంలోని కాథలిక్కులు పోయినవారి పేరిట ప్రార్థన రాసిన చిన్న కార్డులు పంచడం మొదలుపెట్టారు. బందరు వచ్చిన డచ్చివారు ఆ మతశాఖకు చెందినవారు కారు కాబట్టి వారితో కార్డు రాలేదు, రాయి మాత్రమే వచ్చింది. తర్వాత 1841లో రాబర్ట్ నోబుల్ బందరులో దిగాక మిషనరీ బడులతో పాటు చర్చి అచ్చుపత్రాలూ పెరిగాయి. నేటి క్రైస్తవ కుటుంబాల భూస్థాపన కార్యక్రమ పత్రంలో ఆరాధన వరుస, పాటలు, ‘సాక్ష్యం’ పేరుతో జీవిత సంగ్రహం ఉంటాయి. పద్యం స్థానంలో వాక్యం ఉంటుంది. తరచూ కనిపించేవి ప్రకటన గ్రంథం 14:13, రెండో తిమోతి 4:7.

ఇరవయ్యో శతాబ్దంలో దారి పత్రికల వైపు తిరిగింది. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. కవులు తమవారి మీద రాసుకున్న స్మృతి పద్యాలు అచ్చులో చదివే అలవాటు ఆ తరానికి ఏర్పడింది. బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో కన్నుమూశాక కూడా తిరుపతి వేంకట కవుల జంటపేరుతోనే రాశారు. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయిన దుఃఖంతో ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. కావ్యానికి మూడు వందల పద్యాల చోటు ఉంటుంది, కార్డుకు ఒక్క పద్యం చోటే.

అందుకే చాలామంది భగవద్గీతను ఆశ్రయించారు. ఎక్కువగా కనిపించేది రెండో అధ్యాయమే. పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు అని చెప్పే 22వ శ్లోకం, పుట్టినవాడికి చావు తప్పదనే 27వ శ్లోకం. దీని వెనుక ఒక గొంతుంది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు చివరి రోజుల్లో భగవద్గీత శ్లోకాలు, వాటి తెలుగు తాత్పర్యం రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఏ వీధిలోనైనా ఆ రికార్డు వినిపిస్తే ఎవరో పోయారని అర్థమయ్యేంతగా అది చావు ఇంటికి ముడిపడిపోయింది.

దేవుణ్ని తలవని కార్డులకూ విజయవాడ ప్రసిద్ధి. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. విశాలాంధ్ర, ప్రజాశక్తి పత్రికలకూ ఇదే ఊరు. నాస్తిక, కమ్యూనిస్టు కుటుంబాల స్మృతి పత్రికల్లో ‘స్వర్గస్థులైనారు’, ‘శివైక్యం చెందారు’ కనిపించవు. ‘కన్నుమూశారు’, ‘అమరులయ్యారు’, ‘జోహార్లు’ ఉంటాయి. కర్మకు బదులు సంస్మరణ సభ, నేత్రదానం చేసి ఉంటే ఆ సంగతి, పాల్గొన్న ఉద్యమాలు, జైలుకు వెళ్లిన ఏళ్లు రాస్తారు. జీవిత సంగ్రహం రాయడంలో డెల్టాకు మంచి శిక్షణ ఇచ్చింది ఈ సభలేనని చెప్పాలి. పొగడ్తకు బదులు పని చెప్పడం అక్కడ అలవాటైంది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక పల్లెటూరి కుటుంబానికి కూడా ఫొటోతో శ్రద్ధాంజలి ప్రకటన వేయించడం అందుబాటులోకి వచ్చింది. సెంటీమీటర్ల లెక్కన డబ్బు కట్టాలి గనక వాక్యాలు కుదించడం నేర్చుకున్నారు.

ఇక రాసే పని. సొంత పద్యం కావాలనుకున్న కుటుంబం ఊళ్లోని తెలుగు మాస్టారిని అడుగుతుంది. ఆయన ముందు చూసేది పేరు గణాల్లో ఇముడుతుందా అని. ‘వెంకటేశ్వరరావు’ అదృష్టవంతమైన పేరు. ‘వెంకటే’ ర గణం, ‘శ్వరరావు’ సల గణం, రెండూ ఇంద్ర గణాలే. తేటగీతి పాదంలో మొదట ఒక సూర్య గణం, తర్వాత రెండు ఇంద్ర గణాలు, ఆపై రెండు సూర్య గణాలు వస్తాయి గనక పేరు రెండో, మూడో గణాల్లో సరిగ్గా కూర్చుంటుంది. ‘సుబ్బారావు’ అలా కాదు. మూడు గురువులు వరుసగా వస్తాయి. ‘సు’ను ముందు గణం చివరకు నెట్టి ‘బ్బారావు’ను త గణం చేస్తే తప్ప కుదరదు. అందుకే పద్యంలో అది ‘సుబ్బరాయ’ అవుతుంది.

పేరు ఫొటో కింద ఎలాగూ ఉంటుంది కాబట్టి పద్యంలో లేకపోయినా నష్టం లేదు. ఒక శివారు భూముల రైతు కోసం పిల్లల మాటగా రాసిన నమూనా తేటగీతి ఇది:

కాల్వ చివరి చేనికి నీరు కాపు కాచి,
బీద పిల్లల చదువుకు ఫీజు కట్టి,
నలుగురికి నీడయైనట్టి నాన్న! నీవు
మరలి రాకున్న మా యింట మాట నీదె.

మొదటి పాదంలో ‘కాల్వ’ సూర్య గణం, ‘చివరి చే’, ‘నికి నీరు’ ఇంద్ర గణాలు, ‘కాపు’, ‘కాచి’ సూర్య గణాలు. యతి కాల్వకు కాపుతో చెల్లింది. రెండో పాదంలో బీకి ఫీతో చెల్లింది, ప వర్గాక్షరాలు కాబట్టి. ‘ఫీజు’ అన్న మాట పద్యంలో వాడవచ్చా అని సందేహించనక్కర్లేదు. ఆయన కట్టింది ఫీజే. పద్యభాష కోసం ‘శుల్కము’ అని మార్చితే ఆ మనిషి మాయమవుతాడు.

పద్యం కంటే జీవిత సంగ్రహం ఎక్కువసార్లు చెడుతుంది. మామూలుగా వచ్చే చిత్తు ఇలా ఉంటుంది: ‘మృదుస్వభావి, పరోపకారి, అజాతశత్రువు అయిన మా తండ్రిగారు అందరి మన్ననలు పొంది…’ ఇది ఏ ఇంటి తండ్రికైనా సరిపోతుంది. అదే రైతుకు ఇలా రాయవచ్చు: ‘1946లో దివిసీమలో రైతు కుటుంబంలో పుట్టారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు, గొడ్డూ పోయినా ఊరు విడవలేదు. ఉప్పు కడిగి అదే పొలంలో మళ్లీ ఊడ్పులు ఊడ్చారు. వంతు నీటి కోసం రాత్రులు కాలువ గట్టున గడిపారు. ఇద్దరు కూతుళ్లనూ డిగ్రీ చదివించారు.’ ముప్పై పైచిలుకు మాటల్లో మనిషి కనిపించాడు. ఎనభై మాటలు దాటితే చేతిలో ఇమిడే కార్డు మీద అక్షరం చిన్నదై, పెద్దవాళ్లు చదవలేరు.

ఆడవారి కార్డులో ఒక లోటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ‘ఫలానావారి ధర్మపత్ని’ అనడంతో ఆమె జీవితం ముగుస్తుంది. పుట్టిన ఊరు, పుట్టింటివారి ఇంటిపేరు, చదువు, చేసిన పని, పెంచిన పాడి, ఏదీ ఉండదు. కింద ‘దుఃఖతప్త కుటుంబసభ్యులు’ జాబితా మాత్రం సగం కార్డు ఆక్రమిస్తుంది. ఇది మార్చుకోవలసిన అలవాటు.

తేదీల్లో రెండు చిక్కులున్నాయి. పెద్దవాళ్ల పుట్టిన తేదీ చాలాసార్లు బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసినది. అది ఆధార్ కార్డులో ఉన్నా నిజమని అనుకోలేం. సందేహముంటే సంవత్సరం ఒక్కటే వేయడం మంచిది. రెండోది తిథి. తద్దినం మాసం, పక్షం, తిథి ప్రకారం పెడతారు గనక కార్డులో అది ఉండాలి. ఇంగ్లిషు తేదీ అర్ధరాత్రి మారుతుంది, పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, తిథి ఏ వేళకైనా మారవచ్చు. రాత్రి ఒంటిగంటకు ప్రాణం పోతే కార్డు మీద తేదీ, వారం, తిథి ఒకదానికొకటి పొసగవు. పురోహితుడికి తేదీతో పాటు ఖచ్చితమైన వేళ చెప్పి తిథి రాయించుకోవాలి.

చివరి ప్రమాదం ప్రెస్సులో. వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా డీటీపీ సెంటర్లలో పేజీ అను ఫాంట్లలో కూర్చుతారు. నేరుగా అతికిస్తే అక్షరాలు చెదురుతాయి గనక ఆపరేటర్ మళ్లీ టైపు చేస్తాడు. ఒత్తులు, దీర్ఘాలు జారేది అక్కడే. ‘కాల్వ’ను ‘కాలువ’ అని సరిదిద్దినా పద్యం కుంటుతుంది, అది తప్పని ఎవరికీ తోచదు. కార్డు వేయించేవారు ప్రూఫ్ కాగితం మీద తీయించుకుని, పద్యం రాసినవారికి ఒకసారి, ఇంటిపేర్లు ఊళ్లు తెలిసిన పెద్దవారికి ఒకసారి చదివించాకే అచ్చుకు పంపాలి.