డాలరుకే ఫర్ కోటు: ప్రకటనలో లేని షరతు కోర్టులో ఓడిన కథ

1956 ఏప్రిల్ 6, శుక్రవారం. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ‘గ్రేట్ మినియాపొలిస్ సర్‌ప్లస్ స్టోర్’ అనే దుకాణం పత్రికలో ఒక ప్రకటన వేయించింది. శనివారం ఉదయం సరిగ్గా 9 గంటలకు మూడు కొత్త ఫర్ కోట్లు అమ్మకానికి పెడతామని, వాటి విలువ 100 డాలర్ల వరకు ఉంటుందని, ముందు వచ్చినవారికి ఒక్కొక్కటి ఒక్క డాలరుకే ఇస్తామని అందులో ఉంది. పేరుకు అమ్మకమే గానీ, డాలరు పుచ్చుకుని అంత విలువైన కోటు ఇవ్వడమంటే దాదాపు ఉచితంగా పంచినట్టే. జనాన్ని కొట్టు గుమ్మం దాకా రప్పించడానికి వ్యాపారులు ఎంచుకునే పాత దారి ఇది.

శనివారం పొద్దున్నే లెఫ్కోవిట్జ్ అనే వ్యక్తి అందరికంటే ముందు కౌంటరు దగ్గరికి చేరుకున్నాడు. డాలరు ఇస్తాను, కోటు ఇమ్మన్నాడు. దుకాణం వాళ్లు ఇవ్వలేదు. ఇది ఆడవాళ్ల కోసం పెట్టిన ఆఫర్ అని, మగవాళ్లకు అమ్మకూడదన్నది తమ కొట్టు నియమమని చెప్పారు. ఆ మాట ప్రకటనలో ఎక్కడా లేదు.

అతను అంతటితో వదిలిపెట్టలేదు. ఏప్రిల్ 13న అదే దుకాణం మరో ప్రకటన ఇచ్చింది. ఈసారి డాలరుకు ఇస్తామన్న వస్తువుల్లో కుందేలు బొచ్చుతో చేసిన ఒక నల్ల స్టోల్ ఉంది. దాని విలువను 139.50 డాలర్లని స్పష్టంగా అచ్చు వేశారు. ముందు వచ్చినవారికే అన్న మాట ఈసారీ ఉంది. మర్నాడు మళ్లీ లెఫ్కోవిట్జే మొదట వెళ్లాడు. మా నియమం నీకు తెలుసు కదా అని చెప్పి దుకాణం వాళ్లు రెండోసారి కూడా వెనక్కి పంపారు. అతను కోర్టుకెక్కాడు.

దుకాణం వైపు వాదనలు రెండు. పత్రికా ప్రకటన ఒప్పందం కాదు, వచ్చి బేరం చేసుకోమని జనానికి పిలుపు మాత్రమే అన్నది మొదటిది. ఇందులో కొంత నిజముంది. ధరలు చూపించే మామూలు ప్రకటనలను కోర్టులు సాధారణంగా అలాగే చూస్తాయి. లేకపోతే పత్రికలో ధర వేసిన ప్రతి వ్యాపారీ, సరుకు అయిపోయాక వచ్చినవారందరికీ బాకీ పడాల్సి వస్తుంది. ఇక రెండో వాదన కొట్టు నియమం గురించి. మొదటిసారి తెలియకపోయినా, రెండో వారానికి ఆ నియమం అతనికి తెలుసని దుకాణం వాళ్లు వాదించారు.

కింది కోర్టు స్టోల్ విషయంలో అతని పక్షాన తీర్పు ఇచ్చింది. దుకాణం పై కోర్టుకు వెళ్లింది. 1957 డిసెంబరు 20న మిన్నెసోటా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. దాన్ని రాసింది జస్టిస్ మర్ఫీ. ఏ వస్తువు, ఎన్ని, ఏ రోజు, ఏ గంటకు, ఎంతకు, ఎవరికి అన్నవన్నీ ప్రకటనలోనే తేలిపోయి, ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలనప్పుడు అది ఉత్త పిలుపు కాదని ఆయన తేల్చారు. అది ప్రతిపాదనే అవుతుంది. అడిగిన పని చేసి ముందు నిలబడ్డవాడు దాన్ని అంగీకరించినట్టే. ప్రకటన ఇచ్చినవారు ఎవరైనా అంగీకరించేలోపు షరతులు మార్చుకోవచ్చు. అంగీకరించాక, ప్రకటనలో లేని కొత్త షరతును తెచ్చి అతికించే హక్కు వారికి లేదు. రెండో వారానికి నియమం తెలుసన్న వాదన కూడా దీని ముందు నిలవలేదు. రెండో ప్రకటనలో కూడా దుకాణం ఆ షరతు రాయలేదు మరి.

అతనికి దక్కింది 138.50 డాలర్లు. 139.50 డాలర్ల స్టోల్ విలువలోంచి అతను ఇవ్వాల్సిన డాలరు తీసేయగా తేలిన లెక్క అది. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మొదటి వారపు కోటు సంగతి. కోటుకు అతనికి ఒక్క సెంటు కూడా రాలేదు. 100 డాలర్ల ‘వరకు’ అని రాశారు కాబట్టి అసలు విలువ ఎంతన్నది ఊహే అవుతుందని కింది కోర్టు ఆ కోరికను తోసిపుచ్చింది. దుకాణం ఒకటే, మనిషి ఒకడే, నిరాకరణా ఒకటే. తేడా అంతా ‘వరకు’ అనే మాటలో ఉంది. కచ్చితంగా రాసిన చోట కొనుగోలుదారు గెలిచాడు, అస్పష్టంగా వదిలేసిన చోట నష్టపోయాడు.

మన చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. ప్రతిపాదనలో పెట్టిన షరతును నెరవేర్చడమే దాన్ని అంగీకరించడం అని 1872 నాటి భారత ఒప్పంద చట్టం 8వ సెక్షన్‌లో ఉంది. దసరాకో సంక్రాంతికో ఉచితంగా ఏదో ఇస్తామని బోర్డు పెట్టే చిన్న దుకాణదారుకి ఇది నేరుగా వర్తించే సంగతి.

ఉదాహరణకు ఒక స్టీలు సామాన్ల కొట్టు యజమాని విజయదశమి రోజున ‘మొదట వచ్చిన పదిమందికి కుక్కర్ ఉచితం’ అని ప్రకటించాడనుకుందాం. ఎన్ని లీటర్లదో, ఏ కంపెనీదో, దాని ధరెంతో రాయాలి. 1,200 రూపాయల కుక్కర్ అయితే 1,200 అనే రాయాలి, 1,200 వరకు అని కాదు. ‘మొదట’ అంటే ఎప్పటి నుంచి? రాత్రే వచ్చి గుమ్మం ముందు పడుకున్నవారు ముందా, షట్టరు తీసేటప్పుడు ఉన్నవారు ముందా? ఉదయం 7 గంటలకు వరుస మొదలవుతుందని, 1 నుంచి 10 దాకా టోకెన్లు చేతికిస్తామని, అవి అయిపోతే పథకం ముగిసినట్టేనని రాస్తే ఈ గొడవ రాదు. ఏదైనా కొనాలా అక్కర్లేదా అన్నదీ చెప్పాలి. కనీసం 500 రూపాయల బిల్లు ఉండాలన్న షరతు ఉంటే అది ప్రకటనలోనే కనిపించాలి. కౌంటరు దగ్గర చెబితే అది మినియాపొలిస్ కొట్టు నియమమే అవుతుంది. ఇంటికి ఒకటే ఇస్తామంటే ఒకే ఇల్లని ఎలా తేలుస్తారో, ఏ కార్డు చూపాలో ముందే చెప్పాలి. దుకాణంలో పనిచేసేవారిని, వారి కుటుంబాలను పక్కన పెట్టదలిస్తే ఆ ముక్క కూడా అందులోనే ఉండాలి.

మినియాపొలిస్ దుకాణం చీటీ తీయలేదు, వచ్చిన వరుసలో ఇస్తామనే ప్రకటించింది. లక్కీ డ్రా వేరే సంగతి. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ గురించి ప్రకటన ఇవ్వడమే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం. అమ్మకాలు పెంచుకోవడానికి అదృష్టం మీద ఆధారపడే పోటీలు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, పథకం ముగిశాక ఫలితాలు పాల్గొన్నవారికి చెప్పకుండా దాచడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పథకాన్ని ఏ పత్రికలో ప్రకటించారో, తగిన గడువులో అదే పత్రికలో కనిపించేలా ఫలితాలు వేస్తే తెలియజేసినట్టు లెక్క.

కాబట్టి పండగకు డ్రా పెట్టాలనుకునే వ్యాపారులు కూపన్లు అచ్చు వేయించక ముందే న్యాయవాదిని అడగండి. కొనుగోలుదారులు ప్రకటన ముక్కను, లేదా బోర్డు ఫొటోను తేదీతో సహా దాచుకోండి. కౌంటరు దగ్గర కొత్త షరతు వినిపిస్తే, అది ఎక్కడ రాసి ఉందో చూపించమని అడగండి.