త్యాగయ్య తిథి ఏ తేదీన?

త్యాగరాజస్వామి తిరువయ్యారులో సిద్ధి పొందింది 1847 జనవరి 6న. పంచాంగం లెక్కన అది పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి. సమాధి దగ్గర ఏటా జరిగే ఆరాధనకు ఆ పంచమే గుర్తు, జనవరి 6 కాదు. అందుకే 2023లో జనవరి 11న, 2024లో 30న, 2025లో 18న, 2026లో 7న వచ్చింది.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. కాబట్టి తిథి ఏటా పదకొండు రోజుల అటూఇటూగా ముందుకు జరుగుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కనుక ఆ తర్వాతి పుష్యం ఒక్కసారిగా పందొమ్మిది రోజులు వెనక్కి పోయింది. పందొమ్మిదేళ్లకోసారి తిథీ తేదీ దాదాపు కలుస్తాయి. 1847కు తొమ్మిది పందొమ్మిదులు కలిపితే 2018. ఆ ఏడు ఆరాధన సరిగ్గా జనవరి 6నే పడింది.

నెల దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. 2026 జనవరి 7న దృక్ పంచాంగంలో చవితి ఉదయం 6.52 దాకా ఉంది. తిరువయ్యారులో అప్పటికి సూర్యోదయమై పావుగంట దాటింది. ఆ పైన పంచమి, మర్నాడు ఉదయం 7.05 వరకు. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అనుకుంటే ఆరాధన 8న రావాలి. గోడ క్యాలెండర్‌లో పెద్దక్షరాల్లో ఉన్న తిథిని చూసి తద్దినం తేదీ రాసుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

తద్దినానికి చూడాల్సింది అపరాహ్ణం. పగటిని అయిదు భాగాలు చేస్తే అందులో నాలుగోది. ఆ రోజు తిరువయ్యారులో అది సుమారు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడూముప్పావు దాకా. 7న ఆ వేళంతా పంచమే. 8న మధ్యాహ్నానికి షష్ఠి వచ్చేసింది. త్యాగయ్య చివర్లో సన్యాసం తీసుకున్నారు కాబట్టి ఆయనకు జరిగేది తద్దినం కాదు, ఆరాధన. అయినా తేదీ 7నే కుదిరింది. రెండు రోజులూ అపరాహ్ణంలో తిథి తగిలితే ఏ రోజు ఎక్కువసేపు ఉందో చూస్తారు. అక్కడ పురోహితుణ్ణి అడగడమే మేలు.

డల్లాస్‌లో ఉన్నవాళ్లు ఈ గంటల్ని తమ గడియారంలోకి మార్చుకుని, తమ ఊరి పగటినే అయిదు భాగాలు చేసుకోవాలి. అదే పంచమి వాళ్లకు 6వ తేదీ రాత్రి 7.22కి మొదలై 7 రాత్రి 7.35కి ముగిసింది. వాళ్లకు ఏ లెక్కన చూసినా 7వ తేదీనే.

ఇంట్లో వాళ్ల విషయంలో మొదట కావలసింది పోయిన గడియ. తెల్లవారుజామున మూడింటికి పోతే మరణ ధ్రువీకరణ పత్రం కొత్త తేదీ వేస్తుంది. తిథికి మాత్రం ఆ గడియలో ఏది నడుస్తోందో అదే లెక్క. 2026 మే 17, జూన్ 15 మధ్య అధిక జ్యేష్ఠంలో పోయినవాళ్లకు అధికమాసం ఏటా రాదు కనుక, తర్వాతి ఏళ్లలో మామూలు జ్యేష్ఠంలోనే అదే పక్షం, అదే తిథి చూసి పెడతారు.