శిక్షణ అర్జీలో మూడో పేరా

శిక్షణకు డబ్బు మంజూరు చేయమని అడిగే అర్జీ ఎవరు రాసినా అందులో మూడు సంగతులు ఉంటాయి. ఎంత ఖర్చవుతుంది, దానివల్ల ఏం ప్రయోజనం, నేర్చుకొచ్చినదాన్ని మిగతావాళ్లకు ఎలా అందిస్తారు. ఇవాళ ఈ మూడూ కలిసే కనిపిస్తున్నా, మూడూ ఒక్కసారి పుట్టినవి కావు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో, ముఖ్యంగా వ్యవసాయ శాఖలో, ఖర్చు మాట, ప్రయోజనం మాట ముందొచ్చాయి. పంచుకుంటామన్న మాట చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికీ అర్జీలో అదే బలహీనమైన పేరా. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు డివిజన్‌లోని రెడ్డిగూడెం లాంటి మామిడి మండలంలో ఒక శిక్షణ ఫలించిందా లేదా అన్నది తేలేది కూడా ఆ పేరా దగ్గరే.

మొదటి మెట్టు 1922. ఆ ఏడాది జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్‌లో 84వ నిబంధన ఉద్యోగికి చదువు కోసం సెలవు ఇచ్చింది. శాస్త్ర, సాంకేతిక విషయాలను అధ్యయనం చేయడానికో, ప్రత్యేక శిక్షణ పొందడానికో ఈ సెలవు. ఇది మామూలు సెలవు ఖాతాలోంచి తగ్గదు. ఆ రోజుల్లో అర్జీ అడిగింది ప్రధానంగా కాలాన్ని. ఆ కాలానికి జీతం రూపంలో అయ్యే ఖర్చే ప్రభుత్వం లెక్క. ఈ నిబంధన ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల విషయంలో నేటికీ ఆధారంగా ఉంది.

కేంద్ర ఉద్యోగులకు 1972లో వచ్చిన సెలవు నిబంధనలు దీన్ని మరింత విడమరిచి రాశాయి. సెలవు దొరకాలంటే ఆ చదువు ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రభుత్వానికి కచ్చితంగా పనికొస్తుందని పై అధికారి ధ్రువీకరించాలి. మామూలుగా ఒక్కసారికి 12 నెలలు, ఉద్యోగ కాలం మొత్తంలో 24 నెలలు దాటకూడదు. తిరిగొచ్చాక మూడేళ్లు పనిచేస్తానని బాండు రాయాలి. మధ్యలో మానేస్తే సెలవు జీతం, ఫీజు, ప్రయాణ ఖర్చులు వడ్డీతో తిరిగి కట్టాలి. చదివిన చదువు మీద పూర్తి నివేదిక కూడా ఇవ్వాలి.

బాండు, నివేదిక రెండూ ఉద్యోగి ఇచ్చే హామీలే. కానీ బాండు కాపాడేది ప్రభుత్వం పెట్టిన డబ్బును. ఉద్యోగి మూడేళ్లు కుర్చీలో ఉంటే చాలు, హామీ తీరినట్టే. నేర్చుకున్నది పక్క కుర్చీలోని మనిషికి అందిందా అని అది అడగదు. నివేదిక కొంచెం ముందుకు వెళ్తుంది గానీ, అది పై అధికారికి చేరి ఫైలులో ఆగిపోతుంది. పొలం దాకా వచ్చే దారి అందులో లేదు.

ఆ దారి వేసే ప్రయత్నం 1970ల్లో జరిగింది. డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ, సందర్శన పద్ధతి ప్రపంచ బ్యాంకు సాయంతో 1974 నుంచి భారతదేశంలో, మొదట రాజస్థాన్ కాలువ, చంబల్ ఆయకట్టుల్లో నడిచింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ సహా చాలా రాష్ట్రాలకు పాకింది. ఇందులో శిక్షణకు ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. గ్రామస్థాయి ఉద్యోగికి పదిహేను రోజులకోసారి శిక్షణ ఉంటుంది. తన పరిధిలోని రైతులను ఎనిమిది బృందాలుగా విడదీసి, మిగతా రోజుల్లో ఒక్కో బృందాన్ని నిర్ణయించిన రోజున కలవాలి. ప్రతి బృందంలోనూ కొందరిని సంప్రదింపు రైతులుగా ఎంచుకుంటారు. వాళ్లు విన్నది తక్కినవాళ్లకు చెప్పాలి.

పంచుకోవడం ఒక మంచి గుణంగా మిగిలిపోకుండా, తేదీ ఉన్న పనిగా మారింది ఇక్కడే. మంగళవారం ఫలానా ఊళ్లో ఉండాలి అంటే ఉండాలి. ఉన్నాడో లేదో ఎవరైనా చూడగలరు. అయితే రెండు చోట్ల ఈ పద్ధతి దెబ్బతిన్నది. మొదటిది డబ్బు. ఇంతమంది సిబ్బందిని, వాళ్ల ప్రయాణాలను ప్రాజెక్టు నిధులు ఉన్నంతకాలం మోయగలిగినా, ఆ తర్వాత రాష్ట్ర ఖజానాకు అది బరువైంది. రెండోది, చివరి అంచె. సంప్రదింపు రైతులుగా ఎక్కువగా పెద్ద కమతాలవాళ్లే ఎంపికయ్యారన్న విమర్శ వచ్చింది. సొంత పని మానుకుని ఊరందరికీ చెప్పడానికి వాళ్లకు కూలీ లేదు, ఖర్చు లేదు. ఉద్యోగి దాకా బడ్జెట్ ఉంది. రైతు నుంచి రైతుకు వెళ్లే దగ్గర లేదు. మాట అక్కడే తెగిపోయింది.

1998లో మొదలైన జాతీయ వ్యవసాయ సాంకేతిక ప్రాజెక్టు ఈ లోటును పట్టుకుంది. దాని కింద ఏడు రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో ఆత్మ సంస్థలు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడింటిలో ఒకటి. 2005-06 నుంచి ఈ ఏర్పాటు దేశమంతటికీ విస్తరించింది. ఇక్కడ జిల్లా స్థాయిలోనే ప్రణాళిక రాసి డబ్బు అడగాలి. రైతుల శిక్షణ, విజ్ఞాన యాత్ర, ప్రదర్శన క్షేత్రం, ఇలా పనుల జాబితా, ఒక్కోదానికి ఇంతకు మించకూడదన్న ఖర్చు పరిమితి మార్గదర్శకాల్లోనే ఉంటాయి. అందులో ఫార్మ్ స్కూల్ అనే పని ఈ కథలో మలుపు. బాగా పండించే రైతు పొలంలోనే చుట్టుపక్కల రైతులు పంటకాలమంతా నేర్చుకోవడానికి దానికి విడిగా నిధులు కేటాయించారు. నేర్పే పనికి కూడా ఖర్చు ఉంటుందని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం ఇది.

అదే కాలంలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఇంకో దారి తొక్కింది. 2003లో ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు అమ్మే డీలర్ల కోసం డేసి అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. 48 వారాలు, ఆదివారమో మార్కెట్ సెలవు రోజో తరగతులు, మధ్యలో పొలం సందర్శనలు. మొదట ఫీజు మొత్తం డీలరే కట్టుకునేవాడు. ఆ తర్వాత కేంద్రం సబ్సిడీ పథకం తెచ్చినప్పుడు ఫీజు 20,000 రూపాయలు. అందులో సగం ప్రభుత్వానిది. మిగతా సగంలో కొంత భాగం కంపెనీ భరించే వీలు కూడా ఉంది. ఈ డిప్లొమాలో పంచుకుంటానన్న హామీ ప్రత్యేకంగా అక్కర్లేదు. రైతు ఎలాగూ రోజూ కొట్టుకు వచ్చి ఏ మందు కొట్టాలని అడుగుతాడు. అయితే చెప్పేవాడే అమ్మేవాడు కూడా కావడంతో, నేర్చుకున్నది ఎంతవరకు రైతు చెవిన పడుతుందన్నది అతని సరుకు మీద కూడా ఆధారపడుతుంది.

ఉద్యోగుల వైపు చూస్తే, 1996 జాతీయ శిక్షణ విధానం ప్రతి శాఖా జీతాల బడ్జెట్‌లో 1.5 శాతం శిక్షణకు కేటాయించాలంది. 2012లో వచ్చిన విధానం దాన్ని 2.5 శాతానికి పెంచింది. 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మిషన్ కర్మయోగి చాలా కోర్సులను ఫోన్‌లోకే తెచ్చింది. అలాంటి కోర్సులకు ఉద్యోగి అడగాల్సింది మళ్లీ డబ్బు కాదు, కాలం. 1922లో బయల్దేరిన చోటికే ఒక రకంగా వచ్చాం. కానీ కోర్సు పూర్తయిన సర్టిఫికెట్ వచ్చాక ఏం మారిందో చూపడానికి కొత్త దారేమీ ఏర్పడలేదు. అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, ఆ మార్పు వల్ల ఫలితం తేలిందా. సర్టిఫికెట్ రెండో మెట్టు దగ్గరే ఆగుతుంది.

ఈ చరిత్రంతా ఒక అర్జీలో ఎలా అక్కరకొస్తుందో రెడ్డిగూడెం మామిడితో చూద్దాం. అక్కడ ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం తన క్షేత్ర సహాయకుడిని కోత, గ్రేడింగ్ మీద ఐదు రోజుల శిక్షణకు పంపాలని, నిధులిచ్చే బోర్డును డబ్బు అడుగుతోందనుకుందాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ఫీజు 6,000. ప్రయాణం, బస, భోజనం 5,500. అతను లేని ఐదు రోజులకు ప్రత్యామ్నాయ మనిషికి 2,500. ఇక్కడితో ఆపితే మొత్తం 14,000. చాలా అర్జీలు ఇక్కడే ఆగి, చివర్లో 'నేర్చుకున్నది రైతులందరికీ తెలియజేస్తాం' అని ఒక వాక్యం కలుపుతాయి. ఆ వాక్యాన్ని ఖర్చులోకి తేవాలి. నాలుగు ఊళ్లలో ఒక్కో తోటలో కోత ప్రదర్శన, మనుషుల కూలీ, వాహనం, టీ ఖర్చులతో ఊరికి 1,500 చొప్పున 6,000. ఇప్పుడు మొత్తం 20,000.

ప్రయోజనం రాసేటప్పుడు 'నాణ్యత పెరుగుతుంది' అంటే బోర్డు దేన్నీ కొలవలేదు. కాయను కాడ లేకుండా లాగితే సొన కారి తొక్క మీద మచ్చ పడుతుంది. మచ్చ పడిన కాయ రెండో రకంలోకి పోతుంది. కాడ కొంచెం ఉంచి కోసి, సొన కారిపోయేదాకా తలకిందులుగా ఉంచితే ఆ నష్టం తగ్గుతుంది. మొదటి రకానికీ రెండో రకానికీ కిలోకు ఎనిమిది రూపాయల తేడా ఉందనుకుంటే, పెట్టిన 20,000 తిరిగి రావడానికి 2,500 కిలోలు పై రకంలోకి రావాలి. సంఘం సీజన్‌లో 50 టన్నులు అమ్ముతుంటే అది ఐదు శాతం. ఇంత లాభం వస్తుందని జోస్యం చెప్పడం కంటే, ఖర్చు తిరిగి రావడానికి ఎంత మారాలో చెప్పడమే నిజాయితీగా ఉంటుంది. గత ఏడాది గ్రేడింగ్ పుస్తకంలో రెండో రకం శాతం ఎంతో అర్జీకి జతచేస్తే, వచ్చే జూన్‌లో పోల్చి చూసుకోవచ్చు. ఆ పుస్తకమే లేకపోతే అర్జీ కంటే ముందు రాయాల్సింది అదే.

ఇందులో తరచూ దెబ్బతినేది తేదీ. మామిడి కోతలు ఏప్రిల్‌లో ఊపందుకుంటాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. డిసెంబరులో పెట్టాల్సిన అర్జీ ఫిబ్రవరిలో పెడితే, మంజూరు మార్చి చివర్లో వస్తుంది. నిధులు మురిగిపోకుండా హడావిడిగా ఖర్చు చేసి వినియోగ ధ్రువపత్రం ఇచ్చేస్తారు. శిక్షణ జరిగినట్టు కాగితం ఉంటుంది గానీ, ప్రదర్శనలు జరిగేసరికి కాయ అప్పటికే లారీ ఎక్కి ఉంటుంది. కాబట్టి ప్రదర్శనల తేదీలు, ఊళ్ల పేర్లు అర్జీలోనే ఉండాలి. మంజూరు ఫలానా తేదీ దాటితే ఈ ఏడాదికి వద్దని కూడా రాసుకోవాలి.

వందేళ్లలో మన అర్జీలు ఖర్చును లెక్కగట్టడం నేర్చుకున్నాయి. ప్రయోజనాన్ని అడగడం నేర్చుకున్నాయి. పంచుకోవడం ఆత్మ ఫార్మ్ స్కూళ్లలో ఖర్చుల పట్టికలోకి వచ్చింది. బోర్డు సభ్యుడైనా, శాఖాధికారైనా అర్జీ చేతికి రాగానే మూడో పేరా ముందు చదివితే మంచిది. అందులో ఊరి పేరు, తేదీ, దానికి కేటాయించిన రూపాయలు కనిపించకపోతే, ఆ డబ్బుతో ఒక్కరు నేర్చుకుంటారు, అంతే. ఆ ఒక్కరు మరో ఉద్యోగానికి వెళ్లిపోతే బాండు డబ్బు వసూలవుతుందేమో గానీ, తోటలో కోత మాత్రం పాత పద్ధతిలోనే సాగుతుంది.