ఙా ఉపొకొ తుకుతుకు

న్యూజిలాండ్ గ్రంథాలయాల్లో మావోరీ విషయాల పుస్తకాలకు వాడే నియంత్రిత విషయ శీర్షికల పట్టిక. జాతీయ గ్రంథాలయం, గ్రంథాలయ సంఘం లియాంజా, మావోరీ గ్రంథాలయ సిబ్బంది సంఘం తె రోపూ ఫకహౌ కలిసి రూపొందించిన ఈ పట్టిక 2006లో వెలువడింది. ఇందులో ప్రతి పదానికీ విస్తృత, సంకుచిత, సంబంధిత పదాలు కనిపిస్తాయి.

ఒక పుస్తకం సారాంశంలో ‘ఫ్లాక్స్ ఆకులు కోసి, చీల్చి, బుట్టలు అల్లడం’ అని ఉందనుకుందాం. ఫ్లాక్స్ అనగానే అవిసె అనుకుంటే పుస్తకం నార బట్టల పక్కన చేరుతుంది. ఇక్కడి ఫ్లాక్స్ వేరే మొక్క, హరకెకె. కాబట్టి సారాంశంలోని మాటను కాక, అది సూచించే వస్తువును పట్టికలో వెతకాలి. ముఖ్యాంశం అల్లిక, అంటే రారంగ:

```
650 _7 $a Raranga. $2 reo
```

చివరి `reo` ఈ పట్టికకు సంకేతం. మొక్కకు మరో శీర్షిక ఇవ్వాలా? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నియమం ప్రకారం ఒక అంశం పుస్తకంలో కనీసం 20 శాతం ఉంటే శీర్షిక ఇవ్వవచ్చు. సారాంశం ఆ పాళ్లు చెప్పదు, పైగా అమ్మకం కోసం రాసినదైతే ఒక్క అధ్యాయాన్నే ఊదరగొడుతుంది. విషయసూచిక చూశాకే రెండో శీర్షిక చేర్చాలి.