చింతపై కోకిల – మూడేసి అక్షరాల కత్తి

మొన్న సాయంకాలం ఎదురింటి కుర్రవాడు నోటుపుస్తకం పట్టుకొని వచ్చాడు. పదవ తరగతి. “తాతగారూ, ఈ పద్యంలోనే తప్పుంది. ఎన్నిసార్లు విడగొట్టినా ఏ వృత్తమూ రావడం లేదు” అన్నాడు. పుస్తకం చూస్తే గురులఘువులన్నీ సరిగ్గానే గుర్తించాడు. ఆ తరువాత వరుసగా మూడేసి అక్షరాలకొక నిలువుగీత గీసుకుంటూ పోయాడు. అక్కడే పడ్డాడు.

నాకు నవ్వు రాలేదు, కొంచెం సిగ్గే వేసింది. బడిలో నేనూ ఏళ్ళ తరబడి “యమాతారాజభానసలగం” మొదటి రోజు చెప్పి, సూర్యేంద్ర గణాలను ఏ నాలుగో రోజో ఒక పట్టికగా అప్పజెప్పించినవాణ్ణే. రెండు గణపద్ధతులూ వేరువేరు పుట్టుకలు గలవని, ఒకదాని కత్తితో రెండవదానిని కోయరాదని విద్యార్థులకు విడమరచి చెప్పలేదు. ఆ బాకీలో కొంతైనా తీర్చుకుందామని ఈ టపా.

పాఠ్యపుస్తకంలోని పద్యాన్ని ఇక్కడ ఉదాహరించకుండా, అదే ఛందస్సులో నేను అల్లిన పద్యాన్ని ఇస్తున్నాను. కవిత్వం కోసం కాదు, కోతకోసం.

చెఱువు గట్టు మీద చింతపై కోకిల
పాట పాడె వినుచు పల్లె మురిసె
బడికి పోవు పిల్ల పలకపై నా పాట
వ్రాసి చూపెఁ దల్లి వద్ద నిలిచి

ముందుగా గురులఘువులు. దీర్ఘాక్షరం, నిండుసున్న గల అక్షరం, విసర్గ గల అక్షరం, సంయుక్తాక్షరానికీ ద్విత్వానికీ ముందున్న అక్షరం, పొల్లును కలుపుకొన్న అక్షరం గురువులు. తక్కినవి లఘువులు. ఈ మాత్రం అందరూ ఎరిగినదే. పిల్లలు తప్పేది రెండు చోట్ల. ఒకటి అరసున్న. “చూపెఁ దల్లి”లో ‘పెఁ’ పక్కన సున్న కనబడగానే గురువు పెట్టేస్తారు. అరసున్న తేల్చి పలికేది కనుక అది అక్షరాన్ని గురువు చేయదు. ‘పె’ లఘువే. రెండవది పరపదం మొదట ఉన్న సంయుక్తాక్షరం. మూడవ పాదం చివరి ‘ట’ తరువాత నాలుగవ పాదం ‘వ్రా’తో మొదలవుతున్నది. ‘ట’ గురువా? కాదు. ‘పాట’, ‘వ్రాసి’ విడివిడి మాటలు. “వాడు ప్రియుడు” అన్నప్పుడు ‘డు’ లఘువే. “రాజప్రియుడు” అన్న సంస్కృత సమాసంలో మాత్రం ‘జ’ గురువు. సమాసం ఒకే ఊపిరిలో పలుకుతాం గనుక.

ఇప్పుడు కుర్రవాడు చేసిన పని చూడండి. మొదటి పాదం అక్షరాలు ఇలా వస్తాయి: లలల గల గల గలగ గలల. వీటిని మూడేసిగా కోస్తే న, ర, జ, త గణాలు వచ్చి చివర ఒక లఘువు మిగులుతుంది. రెండవ పాదాన్ని అలాగే కోస్తే ర, న, జ, న. ఆ గణాలు గల వృత్తం కోసం వాడు పుస్తకమంతా వెదికాడు. లేనిదానిని వెదికితే దొరుకుతుందా?

వెదకడానికి ముందే ఒక పని చేసి ఉంటే ఆ శ్రమ తప్పేది. పాదాలలో అక్షరాలు లెక్కపెట్టడం. మన పద్యంలో మొదటి పాదం 13, రెండవది 12, మూడవది 14, నాలుగవది 11. ఉత్పలమాలకు ప్రతి పాదమూ 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. ఆ వృత్తాలలో నాలుగు పాదాలూ ఒకే సంఖ్య. పాదానికో సంఖ్య వచ్చిందంటే అది అక్షరగణ వృత్తం కాదు. మూడేసి అక్షరాల కత్తిని అక్కడితో ఒరలో పెట్టేయాలి.

మరి ఏ కత్తి? ఇక్కడ కొంచెం వెనక్కు వెళ్ళాలి. య, మ, త, ర, జ, భ, న, స అన్న మూడక్షరాల గణాలు పింగళుని సంస్కృత ఛందశ్శాస్త్రం నుండి వచ్చినవి. కాని మన నేలలో పద్యం వాటితో మొదలు కాలేదు. క్రీ.శ. 848 నాటిదని పరిశోధకులు నిర్ణయించిన అద్దంకి శాసనంలోని పద్యం తరువోజ. యుద్ధమల్లుని బెజవాడ శాసనంలోనివి మధ్యాక్కరలు. రెండూ దేశి ఛందస్సులే. నన్నయ 11వ శతాబ్దంలో భారతం చేపట్టేనాటికి సంస్కృత వృత్తాలూ దేశి పద్యాలూ ఒకే కావ్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. అప్పటినుండి లక్షణగ్రంథాలు రెండింటినీ కలిపి చెబుతూ వచ్చాయి. 1656 నాటి అప్పకవీయం దాకా అదే దారి. మన వ్యాకరణ వాచకాలు ఆ సంకలనాన్నే కుదించి పిల్లల చేతిలో పెట్టాయి.

దేశి గణాల పుట్టుకను తెలుసుకోవాలంటే పక్కనున్న కన్నడం సాయపడుతుంది. 10వ శతాబ్దపు నాగవర్మ ‘ఛందోంబుధి’లో బ్రహ్మ, విష్ణు, రుద్ర గణాలున్నాయి. అవి మన సూర్య, ఇంద్ర, చంద్ర గణాలకు అన్నదమ్ములు. అల్లిక చాలా సులువు. గణం మొదటి స్థానంలో ఒక గురువు గాని, దాని బదులు రెండు లఘువులు గాని ఉండాలి. ఆ తరువాతి స్థానాలలో గురువో లఘువో ఏదైనా రావచ్చు. రెండు స్థానాల గణానికి నాలుగు రూపాలు: గగ, లలగ, గల, లలల. మూడు స్థానాల గణానికి ఎనిమిది: గగగ, లలగగ, గలగ, లలలగ, గగల, లలగల, గలల, లలలల. తెలుగు ప్రతి వరుసలోనూ మొదటి రెండింటిని వదిలేసింది. మిగిలినవి చూడండి. గల, లలల అంటే హగణం, నగణం. ఇవి సూర్యగణాలు. ర, నగ, త, సల, భ, నల అనే ఆరూ ఇంద్రగణాలు. మనం వల్లె వేసిన పట్టిక ఇదే.

ఈ పుట్టుక తెలిస్తే రెండు ఉపకరణాలు చేతికి వస్తాయి. గణం మొదట గురువో, రెండు లఘువులో ఉండి తీరాలి గనుక సూర్యగణం గాని ఇంద్రగణం గాని ‘లగ’తో మొదలు కాదు. కోసుకుంటూ పోతుండగా మిగిలిన భాగం ‘లగ’తో మొదలయిందంటే, వెనుక కోత తప్పు. లేదా గురులఘువులు గుర్తించడంలో తప్పు. రెండవది: ‘మ’గణం వచ్చిందంటే ఆగి చూడాలి, అది తెలుగు వదిలేసిన రూపం. ఇందాక చెప్పిన ‘ట’ను గురువు అనుకొంటే మూడవ పాదం చివరి “నా పాట” గగగ అవుతుంది, అంటే మగణం. తప్పును పట్టికే పట్టి ఇస్తుంది. ‘ట’ను లఘువు చేస్తే గగల, తగణం. సరిపోయింది.

ఇక మిగిలింది యతి. అట్టి వృత్తం కాదని తేలిన పాదానికి యతిస్థానం ముందుగా వెదకడం నా పద్ధతి. ఆటవెలదికీ తేటగీతికీ నాలుగవ గణం మొదటి అక్షరమే యతిస్థానం. మొదటి పాదం ‘చె’తో మొదలయింది. ముందుకు పోతే ‘చిం’ ఎనిమిదవ అక్షరంగా దొరుకుతుంది. హల్లు ఒకటే. ఇకార ఎకారాలకు యతి చెల్లుతుంది. కనుక దానికి ముందున్న ఏడక్షరాలూ మూడు గణాలు కావాలి. తేటగీతిలో మొదటి మూడు గణాలు ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు. ఎంత తక్కువ వేసినా రెండు, మూడు, మూడు, మొత్తం ఎనిమిది అక్షరాలు పడతాయి. మనకున్నవి ఏడే. అంటే ఇది తేటగీతి కాజాలదు. ఆటవెలది బేసిపాదం మూడు సూర్యగణాలతో మొదలవుతుంది: చెఱువు (న), గట్టు (హ), మీద (హ). తరువాత రెండు ఇంద్రగణాలు: చింతపై (ర), కోకిల (భ).

సరిపాదాలు అయిదూ సూర్యగణాలే. పాట (హ), పాడె (హ), వినుచు (న), పల్లె (హ), మురిసె (న). ఇక్కడ ఒక వల ఉంది. ‘పా’కు యతి వెదకబోతే మూడవ అక్షరంలోనే ఇంకొక ‘పా’ ఎదురవుతుంది. అది యతి కాదు. మూడు గణాలకు ఎంత తక్కువైనా ఆరక్షరాలు కావాలి గనుక యతి ఏడవ అక్షరానికి ముందు రానేరాదు. ఎనిమిదవదైన ‘ప’యే యతి. మూడవ పాదంలో ‘బ’కు ‘పలక’లోని ‘ప’, వర్గయతి. బడికి (న), పోవు (హ), పిల్ల (హ), పలకపై (నగ), నా పాట (త). నాలుగవ పాదంలో ‘వ్రా’కు ‘వద్ద’లోని ‘వ’. వ్రాసి (హ), చూపెఁ (హ), దల్లి (హ), వద్ద (హ), నిలిచి (న).

తేటగీతి వచ్చినప్పుడు ఎలా తెలుస్తుందో కూడా ఒక పాదంతో చూద్దాం. “వాన వెలిసిన వేళలో వనము నవ్వె.” ఆటవెలది అనుకొని కోస్తే వాన (గల), వెలిసి (లలల), ఆ తరువాత ‘నవే’ అంటే లగ. దారి మూసుకుపోయింది. వెనక్కు వచ్చి రెండవదానిని ఇంద్రగణం చేస్తే వెలిసిన (నల), వేళలో (ర), వనము (న), నవ్వె (హ). ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు. వా-వ యతి. తేటగీతి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఈ ఉపజాతుల్లో యతికి బదులు ప్రాసయతి వేయవచ్చు. అప్పుడు మొదటి అక్షరానికి జోడు దొరకదు. పాదం రెండవ అక్షరంలోని హల్లు, నాలుగవ గణం రెండవ అక్షరంలో మళ్ళీ వచ్చిందా అని చూడాలి. కందానికి ఈ లెక్క చెల్లదు. దాని గణాలు నాలుగు మాత్రలవి, అక్కడ గగ, జ, స కూడా వస్తాయి. దాని సంగతి వేరే టపాలో.

కుర్రవాడు రెండవ పాదం నుండి తనంతట తానే కోశాడు. ‘పా’ దగ్గర ఒకసారి తడబడి, వేళ్ళమీద ఆరు లెక్కపెట్టుకొని, ముందుకు పోయాడు. చివరికి నోటుపుస్తకంలో “పద్యంలో తప్పు కలదు” అని పెన్సిలుతో వ్రాసుకొన్న మాటను తుడిచి “ఆటవెలది” అని వ్రాశాడు. పోతూ పోతూ, “అయితే తాతగారూ, వేమన పద్యాలూ ఇంతేనా?” అన్నాడు. ఇంతే నాయనా, వాటిలో ఎక్కువ ఈ ఆటవెలదులే అన్నాను. రేపు పది తెచ్చుకొని వస్తానన్నాడు.

నా పద్యంలో గాని, లెక్కలో గాని దోషం కనబడితే మిత్రులు మొగమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాను.